నోటు వెనక పడే చెల్లు

ఊళ్ళో చేబదులు వేలల్లో ఉన్నంతవరకు మాట మీదే నడిచిపోతుంది. లక్ష దాటిందంటే ప్రోనోటు కాగితం బయటికి వస్తుంది. షాపులో కొన్న అచ్చు కాగితం, దాని మీద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీదుగా అప్పు తీసుకున్నవాడి సంతకం, కింద ఇద్దరు సాక్షులు, రాసిపెట్టినవాడి పేరు. ఆ కాగితంలో ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ చూసుకునేవి రెండే: అసలు ఎంత, వడ్డీ నూటికి ఎంత. రేపు పేచీ వచ్చి కోర్టుకు వెళితే జడ్జి ముందు చూసేది మాత్రం నోటు రాసిన తేదీని.

ఎందుకంటే బాకీ వసూలుకు దావా వేయడానికి చట్టం ఒక గడువు పెట్టింది. 1963 నాటి లిమిటేషన్ చట్టం అది. 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రోనోటు అప్పుకు ఆ గడువు మూడేళ్ళు. అది దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. చిక్కంతా ఆ మూడేళ్ళు ఎక్కడ మొదలవుతాయి, ఎక్కడ ముగుస్తాయి, మధ్యలో మళ్ళీ మొదటికి ఎలా వస్తాయి అన్న దగ్గరే.

నోటులో మామూలుగా 'అసలు, వడ్డీ మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను' అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని చూసి అప్పిచ్చిన పెద్దమనిషి, 'నేనింకా కోరనే లేదు కదా, గడువు ఎక్కడ మొదలైంది?' అనుకుంటాడు. చట్టం అలా చూడదు. కోరినప్పుడు ఇస్తానన్న నోటును రాసిన మరుక్షణమే కోరవచ్చు కాబట్టి, గడువు నోటు తేదీ నుంచే నడుస్తుంది. ఫలానా తేదీకి తీరుస్తానని నోటులోనే రాసి ఉంటే అప్పుడు ఆ తేదీ నుంచి మూడేళ్ళు. అచ్చు కాగితాల్లో ఎక్కువ భాగం మొదటి రకానివే.

ఒక అప్పును తీసుకుని చివరిదాకా లెక్క చూద్దాం. ఓ మేనమామ తన మేనల్లుడికి 2022 జూన్ 10న మూడు లక్షలు ఇచ్చి నోటు రాయించుకున్నాడు. వడ్డీ నెలకు నూటికి రూపాయిన్నర. అంటే నెలకు 4,500 రూపాయలు. నోటు రాసిన రోజును లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి దావా వేయడానికి ఆఖరి రోజు 2025 జూన్ 10. ఆ రోజు కోర్టుకు సెలవైతే, తిరిగి తెరిచిన రోజున వేయవచ్చు. వేసవి సెలవుల్లో గడువు ముగిసే నోట్ల విషయంలో ఇది బాగా అక్కరకొస్తుంది. అంతకు మించి ఒక్క రోజు కూడా దొరకదు.

'ఒక్క రోజు' అన్నది ఊరికే అన్న మాట కాదు. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పుకుని క్షమించమని అడగడానికి చట్టంలో ఐదో సెక్షన్ ఉంది. అసలు దావాకు ఆ సెక్షన్ వర్తించదు. ఒంట్లో బాగాలేదన్నా, ఇంట్లో పెళ్ళన్నా, ప్లీడరుగారు మర్చిపోయారన్నా కోర్టు వినదు. అవతలివాడు గడువు సంగతి ఎత్తకపోయినా సరే, గడువు దాటిన దావాను కోర్టు తనంతట తానే కొట్టేయాలని మూడో సెక్షన్ చెబుతోంది. కోవిడ్ రోజుల్లో మాత్రం సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కలగజేసుకుని, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేసింది. అందుకే ఆ మధ్య పాత నోట్ల మీద కూడా దావాలు పడ్డాయి. మన మేనమామ నోటు ఆ తర్వాతది, దానికి ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు 2025 మే వచ్చింది. అసలు పైసా రాలేదు, వడ్డీ కూడా రాలేదు. మేనమామకు ఉన్న దారులేమిటి?

చాలామంది మొదట చేసే పని లాయరు నోటీసు ఇప్పించడం. నోటీసు పంపితే గడువు ఆగిపోతుందని గట్టిగా నమ్మేవాళ్ళను ఎంతమందినైనా చూడొచ్చు. ఆగదు. అప్పిచ్చినవాడు ఎన్ని రిజిస్టరు నోటీసులు పంపినా, ఎన్నిసార్లు గుమ్మంలో కూర్చుని అడిగినా, పెద్దమనుషుల్లో పెట్టినా, గడియారం నడుస్తూనే ఉంటుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, జూన్ 2న నోటీసు పంపి 'అందిన 15 రోజుల్లో చెల్లించాలి' అని రాస్తారు. ఆ పదిహేను రోజులు ముగిసేసరికి జూన్ 10 దాటిపోయి ఉంటుంది. నోటీసులో ఇచ్చిన గడువును తానే గౌరవించి ఊరుకున్న అప్పులవాడు దావా హక్కును చేజేతులా పోగొట్టుకుంటాడు.

గడియారాన్ని మళ్ళీ మొదటికి తిప్పగలిగింది అప్పు తీసుకున్నవాడి సంతకం ఒక్కటే. అందుకు చట్టంలో రెండు దారులున్నాయి.

మన ఊళ్ళలో బాగా నలిగిన దారి చెల్లు. మేనమామ మేనల్లుణ్ణి పిలిపించి, 'ఒరే అల్లుడూ, మొత్తం ఇప్పుడే ఇవ్వమని నేననను. రెండు వేలు ఇచ్చి నోటు మీద చెల్లు పెట్టు, కోర్టు దాకా పోవద్దు' అంటాడు. మేనల్లుడు 2025 మే 20న రెండు వేలు ఇచ్చి, నోటు తిప్పి వెనకవైపు ఇలా రాశాడనుకుందాం: 'ఈ నోటు బాకీ వడ్డీ కింద ఈ రోజు, అనగా 20-5-2025న, రూ. 2,000 అక్షరాలా రెండువేల రూపాయలు చెల్లించి చెల్లు పెట్టడమైనది.' కింద సంతకం. ఇది పంతొమ్మిదో సెక్షన్ దారి. అసలులో గానీ వడ్డీలో గానీ కొంత కట్టి, ఆ కట్టిన సంగతి కట్టినవాడి చేతిరాతలోనో, అతను సంతకం పెట్టిన రాతలోనో ఉంటే, కట్టిన రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు. ఎంత కట్టాడన్నది లెక్కలోకి రాదు. మూడు లక్షల బాకీకి వంద రూపాయల చెల్లు పడినా చాలు.

డబ్బు చేతిలో లేకపోయినా పనయ్యే దారి పద్దెనిమిదో సెక్షన్. బాకీ ఉన్న మాట నిజమేనని రాతలో ఒప్పుకుని సంతకం పెడితే చాలు, ఆ సంతకం పెట్టిన రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. రాత ఎవరిదైనా కావచ్చు, సంతకం మాత్రం బాకీదారుడిదో, అతను అధికారమిచ్చిన మనిషిదో అయి ఉండాలి. చదువు రానివాడైతే నిశానీ కూడా పనికొస్తుంది.

ఈ ఒప్పుకోలు ఏ రూపంలో ఉండవచ్చో చట్టం చెప్పిన తీరు చూస్తే కొంచెం ఆశ్చర్యమే. మొత్తం ఎంతో రాయకపోయినా ఫర్వాలేదు. 'ఇప్పుడు ఇవ్వను' అని రాసినా ఒప్పుకోలే. 'నువ్వే నాకు పొలం కౌలు డబ్బు బాకీ ఉన్నావు, అది తీసేసుకుని మిగతాది అడుగు' అన్నా ఒప్పుకోలే. అప్పిచ్చినవాడికే రాయాలని కూడా లేదు. మేనల్లుడు తన అక్కకు, 'మామయ్య బాకీ మూడు లక్షలు అలాగే ఉంది, మిర్చి అమ్మాక చూడాలి' అని ఉత్తరం రాసి సంతకం పెడితే, ఆ ఉత్తరం మేనమామ చేతికి చిక్కినా సరిపోతుంది. కావలసిందల్లా సంతకం పెట్టే నాటికి బాకీ సజీవంగా ఉందని ఆ మాటల్లో తేలడం. 'అప్పుడు తీసుకున్న మాట నిజమే, నిరుడే తీర్చేశాను' అన్నది ఒప్పుకోలు కాదు. అందులో పాత అప్పు ఉంది తప్ప నేటి బాకీ లేదు.

అందుకే లాయరు నోటీసు తనంతట తానుగా ఏమీ చేయలేకపోయినా, దానికి వచ్చే జవాబు చాలా చేయగలదు. జూన్ 9న మేనల్లుడి తరఫు ప్లీడరు, 'మా క్లయింటు బాకీ కాదనడం లేదు, పంట దెబ్బతిన్నందున వ్యవధి కావాలి' అని రాసి సంతకం చేసి పంపితే మేనమామకు 2028 దాకా ఊపిరి పోసినట్టే. అనుభవమున్న ప్లీడర్లు నోటీసు జవాబులో ఒక్కో మాట తూచి రాయడం వెనక కారణం ఇదే.

పెద్దమనుషుల ముందు నోటితో ఒప్పుకున్నది పనికిరాదు. ఇరవైమంది విన్నారన్నా పనికిరాదు. అదే పంచాయతీలో చీటీ రాసి సంతకం తీసుకుంటే పనికొస్తుంది. చీటీ మీద తేదీ వేయడం మరిచిపోతే, ఎప్పుడు సంతకం పెట్టాడో సాక్షులతో చెప్పించవచ్చు. కానీ చీటీలో ఏముందన్నది సాక్షుల నోటి మాటలతో నిరూపించుకుందామంటే కుదరదు. 'అందులో బాకీ ఉందని రాశాడండీ, చీటీ పోయింది' అంటే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టే.

ఇప్పుడు చీటీలు ఎవరు రాస్తున్నారు, అన్నీ ఫోన్లోనే కదా అనవచ్చు. సంతకం అంటే కాగితం మీదిదేనా అన్న ప్రశ్న కోర్టులకూ వచ్చింది. ఈమెయిల్లో బాకీ ఒప్పుకుంటే అది పద్దెనిమిదో సెక్షన్ కింద చెల్లుతుందని కర్ణాటక హైకోర్టు 2013లో తీర్పు ఇచ్చింది. వాట్సాప్‌లో 'మామయ్యా, సంక్రాంతికి ఇస్తాను' అన్న సందేశం సాక్ష్యంగా ఎంతో కొంత ఉపయోగపడవచ్చు. దాన్ని నిరూపించడానికి సర్టిఫికెట్లూ, ఆ నంబరు ఎవరిదన్న విచారణా, 'మామయ్యా' అన్నది ఏ బాకీ గురించన్న వాదనా తప్పవు. ఫోన్‌పే చేసిన రెండు వేలదీ అదే కథ. డబ్బు పోయినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు చెబుతుంది, కానీ అది ఫలానా నోటు బాకీ కింద కట్టానని మేనల్లుడు రాసి సంతకం పెట్టిన రాత అందులో లేదు. చెక్కు ఇచ్చి ఉంటే దాని మీద సంతకమైనా ఉండేది. నా ఉద్దేశంలో ఫోన్ మీద ఆధారపడి గడువు దాటనివ్వడం కంటే, ఆటోకు వంద రూపాయలు పెట్టుకుని వెళ్ళి నోటు వెనక రెండు లైన్లు రాయించుకోవడం మేలు.

మే 20న చెల్లు పడింది కదా. మరి కొత్త గడువు ఎప్పటిదాకా? పాత గడువు జూన్ 10కి మూడేళ్ళు కలిపి 2028 జూన్ 10 అనుకుంటారు. కాదు. చెల్లు పడిన రోజు నుంచే లెక్క, అంటే 2028 మే 20. పాత గడువులో మిగిలిన ఇరవై ఒక్క రోజులు అక్కడితో మునిగిపోయాయి. ఈ చిన్న తేడా తెలియక, జూన్ మొదటి వారంలో తీరిగ్గా ప్లీడరు దగ్గరికి వెళ్ళి నిర్ఘాంతపోయేవాళ్ళు ఉంటారు. 2028 మే 20 లోపు ఇంకో చెల్లు పడితే మళ్ళీ మూడేళ్ళు. ఇలా ఎన్నిసార్లు తిప్పుకోవచ్చన్న దానికి చట్టంలో పరిమితి లేదు. ఒక్కటే నియమం: ప్రతి చెల్లూ అప్పటికి నడుస్తున్న గడువు లోపలే పడాలి, గొలుసు ఎక్కడా తెగకూడదు.

నోటు మీద మేనల్లుడితోపాటు అతని భార్య కూడా సంతకం పెట్టి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. చెల్లు మీద భర్త ఒక్కడే సంతకం పెడితే, గడువు అతని మేరకే పెరుగుతుంది. కలిసి అప్పు తీసుకున్నవారిలో ఒకరు పెట్టిన సంతకం, అదొక్కటే కారణంగా, రెండోవారిని కట్టిపడేయదని ఇరవయ్యో సెక్షన్ అంటుంది. ఆస్తి భార్య పేరున ఉన్న ఇళ్ళలో ఈ ఒక్క లోపంతో డిక్రీ వచ్చినా వసూలుకు ఏమీ దొరకని పరిస్థితి వస్తుంది.

మేనల్లుడు మధ్యలో పద్నాలుగు నెలలు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడనుకోండి. బాకీదారుడు దేశంలో లేని కాలాన్ని గడువులోంచి మినహాయించాలని పదిహేనో సెక్షన్ చెబుతోంది. గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో ఇది చాలామంది ఎరగని వెసులుబాటు. చెల్లు పడకపోయినా ఆ పద్నాలుగు నెలలు జూన్ 10 తర్వాత కలిసొస్తాయి. కాకపోతే ఎప్పుడు వెళ్ళాడో, ఎప్పుడు వచ్చాడో రుజువు చేయాల్సింది దావా వేసినవాడే. ఆ ముద్రలున్న పాస్‌పోర్టేమో అవతలివాడి బీరువాలో ఉంటుంది.

ఇక గడువు దాటాక చెల్లు పడితే? మే 20న కాకుండా 2025 జూలై 15న మేనల్లుడు వచ్చి, పాపం నిజాయితీగానే, ఐదు వేలు ఇచ్చి చెల్లు పెట్టాడనుకుందాం. అప్పటికి గడువు ముగిసి ముప్పై ఐదు రోజులైంది. పద్దెనిమిది, పంతొమ్మిది సెక్షన్లు రెండూ 'గడువు ముగియక ముందు' అన్న షరతు మీదే నిలబడ్డాయి. కాబట్టి ఆ చెల్లుతో నోటు బతకదు. ఐదు వేలు మేనమామకు మిగులుతాయి, దావా మిగలదు.

అలాగని అంతా అయిపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షన్, మూడో క్లాజు అని ఒకటుంది. కాలదోషం పట్టిన అప్పునైనా సరే, మొత్తంగానో కొంతగానో తీరుస్తానని బాకీదారుడు రాసి సంతకం పెడితే ఆ వాగ్దానం చెల్లుతుంది. దానికి కొత్తగా డబ్బు చేతులు మారనక్కర్లేదు. అయితే ఇక్కడ కొలత వేరు. గడువు లోపల 'బాకీ ఉంది' అంటే చాలు. గడువు దాటాక 'ఇస్తాను' అనాలి. 'మీకు మూడు లక్షలు బాకీ ఉన్న మాట వాస్తవం' అన్న జూలై 15 చీటీ మీద ఆధారపడితే కోర్టులో నెగ్గడం కష్టం. 'ఆ మూడు లక్షలూ వడ్డీతో సహా చెల్లించగలవాడను' అన్న చీటీ అయితే అదే కొత్త ఒప్పందం, దాని మీద కొత్త గడువు.

మనవాళ్ళు నోటు తిరగరాయించుకోవడం ఈ పనే చేస్తుంది. పాత నోటు స్థానంలో అసలు, వడ్డీ కలిపి కొత్త నోటు. గడువు లోపల రాసినా, దాటాక రాసినా నిలబడుతుంది. అప్పిచ్చినవాడికి చెల్లు కంటే ఇదే నిబ్బరం. అప్పు తీసుకున్నవాడికి మాత్రం ఇక్కడ ఒక గుంట ఉంది. మన లెక్కలో 2025 జూన్ 10 నాటికి మూడేళ్ళ వడ్డీ 1,62,000. పాత నోటు మీద చెల్లు పడి ఉంటే అసలు మూడు లక్షలుగానే ఉంటుంది, నెలకు వడ్డీ 4,500గానే నడుస్తుంది. తిరగరాస్తే కొత్త నోటు మీద అసలు 4,62,000 అవుతుంది. అదే రూపాయిన్నర వడ్డీకి నెలకు 6,930. చక్రవడ్డీ అన్న మాట ఎక్కడా రాయకుండానే చక్రవడ్డీ వచ్చి కూర్చుంటుంది. ఇంకో మూడేళ్ళకు ఇంకోసారి తిరగరాస్తే ఎంతవుతుందో వేసి చూసుకోండి. పైగా తిరగరాసినప్పుడు పాత నోటును వెనక్కి తీసుకోకపోతే, ఒకే అప్పుకు రెండు నోట్లు అప్పులవాడి పెట్టెలో ఉంటాయి. పాతదాని మీద అడ్డంగా 'కొత్త నోటు రాయించుకున్నందున రద్దు' అని అప్పిచ్చినవాడి చేత రాయించి, సంతకంతో తీసుకోవడం అప్పు తీసుకున్నవాడి పని.

చెల్లు మీద ఇంత ఆధారపడితే దొంగ చెల్లులు పుట్టకుండా ఉంటాయా? ప్రోనోటు దావాల్లో 'ఆ చెల్లు సంతకం నాది కాదు' అన్నది బాగా వినిపించే వాదన. అది సగం కేసుల్లో బుకాయింపు, కొన్నిట్లో నిజం. నోటు నిజమైనదే అయినా చెల్లు నిజమైనదని విడిగా రుజువు చేయాల్సింది దావా వేసినవాడే. గడువు ముగిసే ముందు వారంలోనే ఐదు వందల చెల్లు, సాక్షులిద్దరూ అప్పులవాడి మనుషులు, నోటు మీద పూర్తి సంతకం పెట్టినవాడు చెల్లు మీద పొడి అక్షరాలు మాత్రమే పెట్టడం, రాత ఒకరిదీ సిరా ఇంకొకరిదీ అన్నట్టుండటం... ఇవన్నీ ప్రతివాది లాయరు ఏకరువు పెట్టే అనుమానాలు. న్యాయంగా చెప్పాలంటే ఆఖరి వారంలో పడటం ఒక్కటే అనుమానించాల్సిన విషయం కాదు. అప్పులవాడికి గడువు గుర్తొచ్చేదే ఆఖరి వారంలో. సంతకం తేలకపోతే నిపుణుడికి పంపుతారు. అందుకు అదే కాలంలో పెట్టిన వేరే సంతకాలు కావాలి: బ్యాంకు ఫారాలో, రిజిస్ట్రేషన్ కాగితాలో. ఈ తంటా లేకుండా ఉండాలంటే చెల్లు మొత్తం బాకీదారుడే తన చేత్తో, తేదీతో సహా రాయాలి. ఆ రెండు వేలను అదే రోజు బ్యాంకు ద్వారా పంపితే రాతకు స్టేట్‌మెంటు తోడవుతుంది. చెల్లు పెట్టిన వెంటనే నోటు రెండు పక్కలా ఫోటో తీసి ఇద్దరూ ఉంచుకుంటే, తర్వాత ఇంకో చెల్లు దానంతటదే మొలవదు.

వడ్డీ వ్యాపారి ప్రోనోటుకూ బ్యాంకు అప్పుకూ ఈ విషయంలో తేడా లేదు. తాకట్టు లేని పర్సనల్ లోనుకూ క్రెడిట్ కార్డు బాకీకీ గడువు మూడేళ్ళే. అందుకే బ్యాంకు మేనేజరు ఏడాదికో రెండేళ్ళకో పిలిచి 'బ్యాలెన్స్ కన్ఫర్మేషన్' అనో 'రివైవల్ లెటర్' అనో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. చాలామంది అది రెన్యువల్ అనుకుని పెట్టేస్తారు. అది చెల్లుకు బ్యాంకు పెట్టుకున్న పేరు. ఒకేసారి పరిష్కారం కింద ఇంత కడతాను, మిగతాది మాఫీ చేయండి అని బాకీదారుడు పెట్టుకునే అర్జీ కూడా, గడువు లోపల పెడితే, ఒప్పుకోలు కిందికే వస్తుందని దేనా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మాఫీ కోసం రాసిన కాగితమే బాకీకి మూడేళ్ళు ఆయుష్షు పోస్తుందన్నమాట.

ఎప్పటిదో కార్డు బాకీ గురించి ఇప్పుడు ఏజెంట్ ఫోన్ చేసి, 'ముందు ఐదు వందలు వేయండి సార్, ఈ ఫారం మీద సంతకం పెట్టి ఫోటో పంపండి, కేసు ఆపిస్తాం' అన్నాడంటే, మొదట అడగాల్సింది ఖాతా స్టేట్‌మెంటు. ఆఖరిసారి కట్టినది ఎప్పుడు, ఆ తర్వాత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టామా అన్నది తేల్చుకోవాలి. గడువు దాటి ఉంటే ఐదు వందలు కట్టినంత మాత్రాన అది తిరిగి లేవదు. 'మిగతాది వాయిదాల్లో కడతాను' అన్న ఫారం మీద సంతకం పెడితే లేస్తుంది. ఏజెంటుకు నిజంగా కావలసింది ఆ ఐదు వందలు కాదు.

బాకీ ఉన్న మాట నిజమని, తీర్చే శక్తీ ఉందని అనుకుంటే గడువు చూసుకుని ఎగ్గొట్టడం ఏం మర్యాద అని అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్నకు చట్టంలోనే కొంత జవాబుంది. కాలదోషం పట్టినా బాకీ చచ్చిపోదు, కోర్టు తలుపు మాత్రమే మూసుకుంటుంది. అలాంటి బాకీని ఎవరైనా మనస్ఫూర్తిగా తీర్చేస్తే, 'గడువు దాటిందని నాకు తెలియదు, నా డబ్బు తిరిగి ఇవ్వు' అనడానికి వీల్లేదు. అప్పుకు బంగారం కుదువ పెట్టి ఉంటే, మూడేళ్ళు దాటాయని చెప్పి డబ్బు కట్టకుండా నగ విడిపించుకోలేరు. క్రెడిట్ రిపోర్టులో పడిన మచ్చకూ ఈ గడువుకూ సంబంధం లేదు.

మూడేళ్ళు అయిపోయాయి కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ళు చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. స్థలం కాగితాలు తనఖా పెట్టి తీసుకున్న అప్పుకు, ఆ ఆస్తి మీద వసూలు చేసుకునే గడువు మూడేళ్ళు కాదు, పన్నెండేళ్ళు. రెండోది, అవతలివాడు గడువు లోపలే దావా వేసి ఉండవచ్చు. సమన్లు పాత అద్దె ఇంటి తలుపుకు అంటించిపోయి, మనం హాజరు కాక, ఏకపక్షంగా డిక్రీ అయిపోయి ఉండవచ్చు. అలా డిక్రీ అయితే నోటు గడువుతో ఇక పని లేదు. డిక్రీని అమలు చేసుకోవడానికి విడిగా పన్నెండేళ్ళు ఉంటుంది. ఆ అనుమానం ఉంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని, దావా పడి ఉండవచ్చనుకున్న సంవత్సరం ఇచ్చి, పార్టీ పేరుతో వెతికితే తెలుస్తుంది. పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసే దేశం మనది కాబట్టి, ఇంటిపేరు ముందూ వెనకా మార్చి, స్పెల్లింగు మార్చి ఒకటికి రెండుసార్లు వెతకాలి.